నెమలికంఠం చీర నీలమా, పచ్చా? నా మొదటి ఆన్‌లైన్ లిస్టింగ్ డైరీ

గుంటూరు పట్టాభిపురంలో మా ఇంటి ముందు గదే నా కొట్టు. తొమ్మిదేళ్ళుగా చీరలు అమ్ముతున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషికి అమ్మడం వేరు, ఫోన్లో అమ్మడం వేరు అని ఈ 45 రోజుల్లో తెలిసింది. నాలాగా మొదలుపెట్టే వాళ్ళు ఈ తప్పులు మళ్ళీ చేయకుండా ఉంటారని నోటు పుస్తకంలో రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. లెక్కలన్నీ నావి, మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉండొచ్చు.

సరుకు: మంగళగిరి నూలు చీరలు 10, అన్నీ ఒకే రంగు. నెమలికంఠం, రెండు వైపులా సన్నటి నిజాం అంచు. నేసే అన్నయ్య దగ్గర ఒక్కోటి 1,450 చొప్పున తెచ్చాను.

ఒక్క ముక్క ముందే చెప్తాను. జీఎస్టీ నంబరు లేని చిన్న అమ్మకందారులు యాప్‌ల ద్వారా అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి వీలుంది. కాకపోతే సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి. పాన్ పెట్టి జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. నేను ఆ దారిలోనే వెళ్ళాను. అందుకే హైదరాబాదు నుంచి అడిగిన వాళ్ళకి లేదనే చెప్పాల్సి వచ్చింది.

దశ 1: మొదటి లిస్టింగ్ (1 నుంచి 6వ రోజు)

నేను పెట్టింది ఇది, ఒక్క అక్షరం మార్చకుండా:

"మంగళగిరి నెమలికంఠం చీర. సూపర్ క్వాలిటీ. జరీ అంచు. విత్ బ్లౌజ్. 6.25 మీటర్లు. రంగు గ్యారంటీ. ధర 2,100, పోస్టు ఖర్చు మాదే."

ఫోటోలు మూడు. మూడూ డాబా మీద, మడత పెట్టిన చీర, పై నుంచి తీసినవి. కొట్టుకి వచ్చే వాళ్ళకి నేను చెప్పేది కూడా ఇంతే కదా అనుకున్నాను. నిజానికి కొట్టులో నేను చెప్పేది ఇంతే, మిగతాది చీరే చెప్పుకుంటుంది. వాళ్ళు చెయ్యి పెట్టి చూస్తారు, వాకిట్లోకి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పుతారు, అంచు లాగి చూస్తారు, భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడతారు. అడక్కుండానే సగం ప్రశ్నలకి జవాబు దొరికిపోతుంది. అక్కడ వాళ్ళ చేతులు చేసే పనంతా ఇక్కడ నేను రాసి చూపించాలి. ఇది నాకు ఆరో రోజుకి గానీ తట్టలేదు.

ఆరు రోజుల్లో 11 ప్రశ్నలు వచ్చాయి. అందులో ఆరు ఒకటే: "ఇది నీలమా అండీ, ఆకుపచ్చా?"

"నెమలికంఠం అండీ" అని ఆరుగురికీ అదే జవాబు పెట్టాను. ఐదుగురు మళ్ళీ పలకలేదు. ఆరో ఆవిడ, విశాఖపట్నం నుంచి, కొన్నారు.

ఇప్పటిదాకా లెక్క:
- ఖర్చు: చీరలు 14,500, అట్టపెట్టెలు 10కి 180. మొత్తం 14,680
- ప్రశ్నలు: 11
- అమ్మినవి: 1

దశ 2: చీర తిరిగొచ్చింది (7 నుంచి 15వ రోజు)

తొమ్మిదో రోజు ఆవిడ నుంచి మెసేజ్: "నేను ఆకుపచ్చ చూసి కొన్నానండీ. మీరు నీలం పంపారు." పక్కనే ఫోటో. అందులో చీర నిజంగానే నీలం! నా ఫోటోలో చూస్తే పచ్చ. రెండూ ఒకే చీర. నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు, టెన్షన్ పడి పెట్టెలు మారిపోయాయేమోనని మిగిలిన తొమ్మిదీ తీసి చూశాను.

ఆవిడ తప్పు లేదు. తిరిగి తీసుకున్నాను. పోను 85, రాను 85, మొత్తం 170 పోయింది. తిరిగొచ్చిన చీరని అమ్మకుండా పరీక్షలకి పక్కన పెట్టుకున్నాను, దాన్ని ఇక నుంచి "నమూనా చీర" అంటాను. ఈ మొత్తం పనిలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.

కారణాలు రెండు దొరికాయి.

మొదటిది సిగ్గుపడాల్సినది. మా డాబా మీద ఎండకి ఆకుపచ్చ నెట్ కట్టి ఉంది. దాని కింద తీసిన ఫోటోలకి ఆకుపచ్చ ఛాయ అంటుకుంది. మన కంటికి కాసేపటికి అలవాటైపోయి ఆ తేడా తెలియదు, ఫోన్‌కి తెలుస్తుంది. పరీక్ష చాలా తేలిక. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయండి. కాగితం ఫోటోలో తెల్లగా కాకుండా పచ్చగానో పసుపుగానో కనిపిస్తే ఆ చోటు పనికిరాదు. నా ఫోటోలో కాగితం లేత జామకాయ రంగులో ఉంది.

రెండోది చీరలోనే ఉంది. నెమలికంఠం అంటే ఒక రంగు కాదు. చీర పొడవునా పోయే పడుగు పోగులు నీలం, వాటికి అడ్డంగా నేసే పేక పోగులు ఆకుపచ్చ. తొమ్మిదేళ్ళుగా అమ్ముతూ "డబుల్ షేడ్ అండీ, ఎటు చూస్తే అటు మారుతుంది" అని చెప్పేదాన్నే గానీ, ఎటు చూస్తే ఏ రంగు అని ఎప్పుడూ చూడలేదు. మంగళగిరి వెళ్ళి అన్నయ్యని అడిగితే ఆయన మగ్గం గుంటలోంచే నవ్వాడు. "కొంగు చివర కుచ్చులు చూడమ్మా, అవి పడుగు పోగులే, అక్కడ పేక ఉండదు. ఉత్త నీలం కనపడుద్ది." ఇంటికొచ్చి చూస్తే నిజమే. కుచ్చుల్లో ఒక్క పచ్చ పోగు లేదు.

తర్వాత ఇంట్లో చేసిన పరీక్ష:

1. వరండాలో నీడ ఉన్న చోట, పైనుంచి ఆకాశం వెలుతురు పడేలా, తెల్ల గోడ ముందు దండెం కట్టాను. పొద్దున పది గంటలు. నేరుగా ఎండ లేదు, లైటు వేయలేదు.
2. కొంగుని దండెం మీద నుంచి కిందికి వేలాడదీశాను. అంటే పడుగు నిలువుగా, పేక అడ్డంగా. ఫోటో తీశాను.
3. అదే కొంగుని తొంభై డిగ్రీలు తిప్పి, అంచు పైకి వచ్చేలా క్లిప్పులతో కట్టాను. ఇప్పుడు పడుగు అడ్డం, పేక నిలువు. ఫోన్ కదపకుండా ఇంకో ఫోటో.
4. రెండుసార్లూ ఫోన్ తెర మీద చీర దగ్గర వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు లాక్ చేశాను. లేకపోతే ఫోన్ తనంతట తాను వెలుతురు మార్చేస్తుంది, పోల్చడానికి వీల్లేదు.

రెండో అంకెలో తీసింది పచ్చ, మూడో అంకెలో తీసింది నీలం. వెలుతురు పైనుంచి పడి, మనం ఎదురుగా నిలబడి చూస్తే, అడ్డంగా ఉన్న పోగులు ఎక్కువ మెరుస్తాయి. అవి ఏ రంగైతే చీర ఆ రంగు వైపు మొగ్గుతుంది.

దీనర్థం ఏంటో ఆలోచించండి. కట్టుకున్నప్పుడు నడుము చుట్టూ, కుచ్చిళ్ళ దగ్గర, చీర పొడవు అడ్డంగా తిరుగుతుంది కాబట్టి పడుగు అడ్డంగా ఉంటుంది. అక్కడ నీలం. కొంగు భుజం మీద నుంచి కిందికి జారుతుంది కాబట్టి అక్కడ పడుగు నిలువు, పేక అడ్డం. అక్కడ పచ్చ. కట్టుకున్న మనిషి మీద ఒకే చీర రెండు రంగులుగా కనపడేది ఇందుకే. నెమలికంఠం కావాలని వెతుక్కుని వచ్చే వాళ్ళు అడిగేదీ ఇదే. నేను మాత్రం దాన్ని మడతపెట్టి పై నుంచి ఫోటో తీసి, ఉన్న రెండు రంగుల్లో ఒకటి దాచేశాను.

మా పక్కింటి అమ్మాయిని బతిమాలి చీర కట్టించి, మెడ నుంచి కిందికి మాత్రమే ఫోటో తీశాను. కుచ్చిళ్ళూ కొంగూ రెండూ ఒకే ఫోటోలో పడాలి. అదే ఇప్పుడు మొదటి ఫోటో. కొంగుని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ 12 సెకన్ల వీడియో కూడా పెట్టాను.

రంగు గురించి రాసిన మాట ఇలా మారింది: "పడుగు నీలం, పేక ఆకుపచ్చ. కట్టుకుంటే కుచ్చిళ్ళు నీలంగా, కొంగు పచ్చగా కనిపిస్తాయి. ఒకే రంగు కావాలనుకునే వాళ్ళకి ఇది నప్పదు. మీ ఫోన్లో రాత్రి పూట పసుపు వెలుతురు పెట్టుకుని ఉంటే తీసేసి చూడండి."

"నప్పదు" అన్న మాట చూసి మా అత్తయ్య "కొనొద్దని నువ్వే చెప్తావేంటే" అంది. 170 రూపాయలు పోయిన సంగతి ఆవిడకి అప్పటికి చెప్పలేదు.

ఇప్పటిదాకా లెక్క:
- ఖర్చు: 14,680 + 170 = 14,850
- ప్రశ్నలు: 19
- అమ్మి నిలబడినవి: 0

దశ 3: ఆరుంబావు అంటే ఎంత (16 నుంచి 22వ రోజు)

రంగు ప్రశ్న ఆగిపోయింది. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. దాని వెనకాల దాక్కున్న ప్రశ్నలు ఇప్పుడు బయటికి వచ్చాయి, అన్నీ కొలతలే.

కర్నూలు నుంచి ఒకావిడ: "6.25 అన్నారు, అందులో చీర ఎంత, బ్లౌజు ఎంత?" నెల్లూరు నుంచి ఇంకొకరు: "నేను అయిదు అడుగుల ఎనిమిది అంగుళాలు. పన్నా ఎంత అండీ? పొట్టిగా ఉంటే కింద లంగా కనపడుతుంది."

6.25 ఎక్కడిదంటే, అన్నయ్య "ఆరుంబావు" అన్నాడు, నేను రాసేశాను. టేపు పెట్టలేదు. కొట్టులో ఇనప మీటరు కడ్డీ ఉంది, దాంతో ఒకటి కొలిచాను, 6.30 వచ్చింది. భలే, ఎక్కువే ఉందనుకున్నాను. మా ఆయన చూసి "నువ్వు లాగి కొలుస్తున్నావ్" అన్నాడు. కడ్డీకి ఆనించి రెండు చేతులా పట్టుకుంటే తెలియకుండానే బట్ట సాగుతుంది. నూలు బట్ట, గంజి ఉన్నా సరే సాగుతుంది. ప్రతి మీటరుకీ ఒకటిన్నర సెంటీమీటరు లాగినా ఆరు మీటర్లకి తొమ్మిది సెంటీమీటర్ల తేడా.

మళ్ళీ ఇలా కొలిచాను:

1. హాల్లో గచ్చు మీద చాప పరిచి, చీరని లాగకుండా పరిచాను. ముడతలు అరచేత్తో సర్దాను, లాగలేదు.
2. గుడ్డ టేపు కాకుండా ఇనప టేపు వాడాను. 40 రూపాయలు. పాత గుడ్డ టేపులు సాగి ఉంటాయి. నాది మొదటి మీటరులోనే అర సెంటీమీటరు తేడా చూపించింది.
3. కొంగు కుచ్చులు లెక్కలోకి తీసుకోలేదు.
4. బ్లౌజు ముక్క మొదలయ్యే చోట సన్నటి జరీ గీత ఉంది, అక్కడిదాకా చీర, అక్కడి నుంచి బ్లౌజు.
5. పన్నా మూడు చోట్ల కొలిచి తక్కువ వచ్చిందే రాసుకున్నాను.

నమూనా చీర మొత్తం 6.20. చీర 5.42, బ్లౌజు 78 సెంటీమీటర్లు. పన్నా 46 అంగుళాలు. మిగతా తొమ్మిదీ కొలిచాను, 6.18 నుంచి 6.26 దాకా ఉన్నాయి. చేతి మగ్గం మీద నేసిన వాటిల్లో ఈ మాత్రం తేడా ఉంటుంది, దానికి అన్నయ్యని అనడానికి లేదు. టేపు పెట్టకుండా 6.25 అని రాసి అమ్మింది నేను.

లిస్టింగ్‌లో ఇప్పుడు తక్కువ కొలత పెట్టాను: "చీర కనీసం 5.40, బ్లౌజు కనీసం 0.78, పన్నా 46 అంగుళాలు." పొడుగు ఆవిడ విషయంలో మాత్రం అంకె చెప్పి వదిలేస్తే లాభం లేదు, 46 అంగుళాలంటే ఆవిడకి ఏం తెలుస్తుంది? "మీ లంగా బొందు కట్టే చోటు నుంచి నేల దాకా చెప్పులతో కొలవండి, దానికి దోపుకోవడానికి మూడు అంగుళాలు కలపండి, 46 లోపు వస్తే సరిపోతుంది" అని రాశాను. ఆవిడకి 45 వచ్చింది. కొన్నారు. ఆ వాక్యం కూడా లిస్టింగ్‌లోకి ఎక్కించాను.

ఇదే వారం ఇంకో చిన్న సంగతి. మొదటి చీర పంపినప్పుడు పోస్టాఫీసులో 500 గ్రాములు దాటిందని పై స్లాబు రేటు వేశారు. తూచి చూస్తే చీర 410, అట్టపెట్టె, లోపల అట్ట, కాగితం కలిసి 130. అంటే పెట్టె బరువుకే నేను ఎక్కువ కట్టాను. నీళ్ళు దిగని ప్లాస్టిక్ కవర్లు తొమ్మిదేసి రూపాయలకి 10 తెచ్చాను, లోపల పల్చటి కాగితం. మొత్తం 448 గ్రాములు. 85 కాస్తా 62 అయింది. అట్టపెట్టెలు తొమ్మిది ఇంకా అటక మీదే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి.

ఇప్పటిదాకా లెక్క:
- ఖర్చు: 14,850 + టేపు 40 + కవర్లు 90 + పోస్టు 186 = 15,166
- ప్రశ్నలు: 26
- అమ్మి నిలబడినవి: 3

దశ 4: చేతులు నీలం, ఒళ్ళు పచ్చ (23 నుంచి 36వ రోజు)

ఇది నేను ఊహించనిది. పొడుగు ఆవిడే, నెల్లూరు నుంచి. "అక్కా, చీర చాలా బాగుంది. కానీ బ్లౌజు ముక్క వేరే చీరది కలిపారేమో చూడండి, చేతులు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు వచ్చింది." కుట్టేసిన బ్లౌజు ఫోటో పెట్టారు. చేతులు నీలం. వెనక భాగం పచ్చ.

ముక్క అదే చీరది, కలిపి నేసింది, తేడా ఉండే అవకాశమే లేదు. ఫోటో పట్టుకుని మా వీధి చివర టైలర్ అన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్క చూపు చూసి "చేతుల కింద అంచు రావాలని గుడ్డ తిప్పి కోశాడమ్మా" అన్నాడు.

ఎలాగంటే: అంచు ఎప్పుడూ పడుగు వెంబడే పోతుంది. చేతి చివర అంచు రావాలంటే పడుగు చేతి చుట్టూ అడ్డంగా తిరగాలి. ఒళ్ళు ముక్కలు మాత్రం మామూలుగా పడుగు నిలువుగా వచ్చేలా కోస్తారు. ఒక్క రంగు బట్ట అయితే ఈ తేడా ఎవరికీ కనపడదు. నెమలికంఠంలో కనపడకుండా పోదు. దశ 2లో దండెం మీద నేను కొంగుని తిప్పి చూసిందే, ఇక్కడ కత్తెరతో జరిగింది. పదిహేను రోజుల ముందే ఆ పరీక్ష చేసి, ఫోటోలు తీసి, రంగు గురించి నాలుగు వాక్యాలు రాసి కూడా, బ్లౌజుకి ఇదే వర్తిస్తుందని నాకు తట్టలేదు చూడండి.

టైలర్ అన్నని మందు అడిగాను. ఆయన చెప్పింది, నేను కాగితం ముక్కలు కోసి సరిచూసుకుంది:

1. చేతులకి అంచు కావాలంటే ఒళ్ళు ముక్కలు కూడా అలాగే తిప్పి, పడుగు అడ్డంగా వచ్చేలా కోయాలి. అప్పుడు బ్లౌజు అంతా నీలం వైపు ఉంటుంది.
2. బ్లౌజు పచ్చగా రావాలంటే అన్ని ముక్కలూ పడుగు నిలువుగా కోయాలి, కానీ చేతుల చివర అంచు రాదు. కావాలంటే అంచు విడిగా కోసి అతకాలి.
3. క్రాస్ కటింగ్ అయితే ఆ ముక్క రెండూ కాని రంగులో వస్తుంది. ఈ బట్టకి అది వద్దు.
4. 78 సెంటీమీటర్లలో మోచేతి దాకా చేతులు కావాలంటే సన్నగా ఉన్న వాళ్ళకి సరిపోతుంది. లావుగా ఉన్న వాళ్ళకి పొట్టి చేతులే.

నెల్లూరు ఆవిడకి నేను డబ్బులు ఇవ్వాల్సిన పని లేదు, చీర బాగానే ఉంది, కోసింది వాళ్ళ టైలరు. కాకపోతే చెప్పాల్సిన మాట చెప్పకుండా అమ్మింది నేను. నమూనా చీర బ్లౌజు ముక్క కోసి పోస్టులో పంపాను, 45 రూపాయలు అయింది. దాంతో పాటు కాగితం మీద ఒక బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, "బాణం పడుగు, అన్ని ముక్కలూ ఒకే వైపు" అని రాశాను. టైలరుకి చూపించమన్నాను.

తర్వాత ఆ బొమ్మనే జిరాక్సు తీయించి ప్రతి చీరలోనూ బ్లౌజు ముక్కకి పిన్ను పెట్టి పంపుతున్నాను. ఇది లిస్టింగ్‌లో రాస్తే చాలదా అని మా అబ్బాయి అడిగాడు. లిస్టింగ్ చదివేది కొనే మనిషి. కత్తెర పట్టుకునేది ఇంకొకరు. ఆయన చేతికి వెళ్ళేది బట్ట ఒక్కటే. అందుకే మాట బట్టకే అంటించాలి. పిన్ను కూడా తుప్పు పట్టని స్టీలుదే వాడండి, వర్షాకాలంలో మామూలు గుండుసూది మచ్చ చేస్తుంది.

జిరాక్సుల డబ్బులు మా అబ్బాయి జేబులోంచి పోయాయి కాబట్టి లెక్కలో లేవు.

ఇప్పటిదాకా లెక్క:
- ఖర్చు: 15,166 + బ్లౌజు ముక్క పోస్టు 45 + మూడు చీరల పోస్టు 186 = 15,397
- ప్రశ్నలు: 33
- అమ్మి నిలబడినవి: 6

దశ 5: "రంగు గ్యారంటీ" అన్న మాట తీసేశాను (37 నుంచి 45వ రోజు)

రాజమండ్రి నుంచి ఒక పెద్దావిడ అడిగారు: "అమ్మాయ్, గ్యారంటీ అంటున్నావ్, ఎన్ని ఉతుకులకి? పోతే ఏం చేస్తావ్?"

జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట నేను ఆలోచించి రాసింది కాదు, అందరూ రాస్తారు కాబట్టి రాశాను. నమూనా చీర లోపలి చెంగు నుంచి రెండు అంగుళాల వెడల్పున మూడు పట్టీలు కోశాను.

1. మొదటి పట్టీని మామూలు నీళ్ళలో, తెల్ల నూలు గుడ్డ ముక్కతో కలిపి పది నిమిషాలు నానబెట్టి ఉతికాను. నీళ్ళు లేత నీలం. తెల్ల గుడ్డ మీద కనీకనపడని మరక.
2. రెండో పట్టీని పక్కింటి పిన్నిగారు చెప్పినట్టు రాళ్ళ ఉప్పు వేసిన నీళ్ళలో అరగంట నానబెట్టి, తర్వాత అలాగే ఉతికాను. నీళ్ళు అంతే నీలం, మరక అంతే. నా కంటికి తేడా లేదు.
3. మూడో పట్టీని తడిపి, ఉతకకుండా, తెల్ల గుడ్డలో చుట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దునకి గుడ్డ మీద పడుగు గీతలు అచ్చు పడ్డాయి!

మొదటి పట్టీనే మళ్ళీ ఉతికితే రెండోసారి నీళ్ళు కొంచెం, మూడోసారి తేటగా వచ్చాయి. అంటే పోయేది పైన మిగిలిన రంగు, అది మూడు ఉతుకుల్లో పోతుంది. అసలు ప్రమాదం ఉతకడంలో లేదు, తడి చీరని ముద్దగా చుట్టి వదిలేయడంలో ఉంది. ఈ చీరలో నీలం పచ్చ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పచ్చ పేక మీదకి నీలం దిగితే రంగు మసక బారుతుంది. ఉప్పు గురించి పిన్నిగారితో వాదన పెట్టుకోలేదు, ఆవిడ పట్టీలు చూసి "నువ్వు ఉప్పు తక్కువ వేశావ్" అంది.

పట్టీల తర్వాత మిగిలిన చీరని కూడా ఒకసారి ఉతికి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయకుండా కొలిచాను. పట్టీలు పోగా 5.27 ఉన్నది 5.15 అయింది. పన్నా 46 నుంచి 45 చిల్లరకి వచ్చింది. మీటరుకి రెండు సెంటీమీటర్ల పైన ముడుచుకుందన్న మాట. ఫాల్ కుట్టేముందు ఫాల్ గుడ్డని కూడా తడిపి ఆరేయాలని ఇక్కడే అర్థమైంది, లేకపోతే ఉతికాక చీర, ఫాల్ వేరువేరుగా ముడుచుకుని అంచు ముడతలు పడుతుంది. నెల్లూరు ఆవిడకి ఫోన్ చేసి, 45కి 46 చాలు అన్నది ఉతికితే బొటాబొటిగా సరిపోయే లెక్క అవుతుందని, కాస్త తక్కువ దోపుకోమని చెప్పాను. లిస్టింగ్‌లో మూడు అంగుళాలకి బదులు నాలుగు అని మార్చాను.

పెద్దావిడకి జరిగిందంతా రాశాను. "సరే, నిజం చెప్పావ్" అని రెండు తీసుకున్నారు, ఒకటి కోడలికట.

ఇప్పుడున్న లిస్టింగ్ ఇది, కావాలంటే వాడుకోండి, అంకెలు మాత్రం మీవి మీరు కొలుచుకోండి:

"మంగళగిరి చేనేత నూలు చీర, పట్టు కాదు. రంగు: పడుగు నీలం, పేక ఆకుపచ్చ. కట్టుకుంటే కుచ్చిళ్ళు నీలంగా, కొంగు పచ్చగా కనిపిస్తాయి, వీడియో చూడండి. ఒకే రంగు కావాలనుకునే వాళ్ళకి నప్పదు. చీర కనీసం 5.40 మీటర్లు, బ్లౌజు కనీసం 0.78, పన్నా 46 అంగుళాలు, లాగకుండా కొలిచినవి. మొదటి ఉతుకులో మీటరుకి రెండు సెంటీమీటర్ల పైన ముడుచుకుంటుంది. బొందు నుంచి నేల దాకా కొలిచి నాలుగు అంగుళాలు కలపండి, 46 దాటితే పొట్టి అవుతుంది. మొదటి మూడు ఉతుకుల్లో కొంచెం నీలం దిగుతుంది, విడిగా ఉతికి వెంటనే నీడన ఆరేయండి, తడిగా చుట్టి ఉంచొద్దు. బ్లౌజు ముక్కలన్నీ ఒకే వైపు కోయించండి, బొమ్మ చీరలో పెట్టాం. ధర 2,100, పోస్టు ఖర్చు మాదే."

మొదటిదానికి ఇది చాలా పెద్దది. చదువుతారా అని అనుమానం ఉండేది. చివరి తొమ్మిది రోజుల్లో ప్రశ్నలు నాలుగే వచ్చాయి, రాజమండ్రి ఆవిడది కాకుండా మూడూ "ఎప్పటికి వస్తుంది" అనే.

చివరి లెక్క:
- ఖర్చు: 15,397 + పోస్టు 186 = 15,583
- ప్రశ్నలు: 37
- అమ్మినవి: 9, ఒక్కోటి 2,100 చొప్పున 18,900
- యాప్ కమీషన్: చీరకి 105, మొత్తం 945
- మిగిలింది: 2,372, ఇంకా ఒక కోసిన నమూనా చీర

నమూనా చీరని మా అత్తయ్య కట్టుకుంటోంది. కుచ్చిళ్ళు రెండు తక్కువ వచ్చాయని రోజూ అంటుంది.

అన్నయ్య దగ్గర నుంచి తర్వాతి పది తెచ్చాను, పడుగు నలుపు, పేక ఎరుపు. ఈసారి లిస్టింగ్ పెట్టకముందే ఒకటి కోశాను. పట్టీ తెల్ల గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాను, పొద్దున విప్పి చూడాలి.